వామపక్ష వాస్తవికవాదం, వీధి నేరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేరశాస్త్రం చదివేవాళ్లకు ఈ వాదం దగ్గర ప్రతిసారీ అవే అనుమానాలు వస్తుంటాయి. వాటిని ఇక్కడ దశలవారీగా పెట్టాం. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా దేనికదే జవాబు రాశాం.

## మొదట్లోనే వచ్చే అనుమానాలు

అసలు వామపక్ష వాస్తవికవాదం అంటే ఏమిటి?

1980లలో బ్రిటన్‌లో పుట్టిన నేరశాస్త్ర ధోరణి ఇది. జాక్ యంగ్, జాన్ లీ, రోజర్ మాథ్యూస్, రిచర్డ్ కిన్సీ దీనికి ముఖ్యులు. ఉత్తర లండన్‌లోని మిడిల్‌సెక్స్ పాలిటెక్నిక్ దీని కేంద్రం. ఇళ్లలో దొంగతనాలు, దారిదోపిడీలు, కొట్లాటలు, ఆడవాళ్ల మీద దాడులు ఎక్కువగా దెబ్బతీసేది పేదలనే. వాటిని పట్టించుకోకపోతే వామపక్షం తనవాళ్లని చెప్పుకునే జనాన్నే వదిలేసినట్టు అన్నది వీళ్ల వాదన. నేరానికి మూలం అసమానతలోనే ఉందని వీళ్లూ అంటారు. ఆ మూలం మారేదాకా బాధితులను ఆగమనడం మాత్రం కుదరదంటారు.

అంతకుముందు వామపక్షం వీధి నేరాల గురించి ఏమనేది?

1970లలో విప్లవాత్మక నేరశాస్త్రం చూపంతా రాజ్యం మీదే ఉండేది. చట్టాన్ని ఎవరు రాస్తారు, పోలీసులు ఎవరిని పట్టుకుంటారు, పత్రికలు ఎవరిని దొంగలుగా చూపిస్తాయి అన్నవే ప్రశ్నలు. వీధి నేరాల మీద గగ్గోలు పాలకులు రెచ్చగొట్టిన భయమేనని చాలామంది కొట్టిపారేసేవారు. మరికొందరు దొంగలో తిరుగుబాటుదారుడిని చూశారు. ఈ ధోరణికి యంగ్ పెట్టిన పేరు 'వామపక్ష భావవాదం'. చిత్రమేమిటంటే, 1973లో ఆ విప్లవాత్మక నేరశాస్త్రానికి పునాది వేసిన ముగ్గురిలో ఆయన కూడా ఒకరు. బయటివాడి విమర్శ అయితే ఇంత దుమారం రేగేది కాదేమో.

పెద్ద కంపెనీలు, పాలకులు చేసే నేరాల ముందు పర్సు దొంగతనం ఎంత? దాన్ని ఇంత పెద్దది చేయాలా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తరచుగా పర్సు పోయినవాళ్లు కారు.

కార్పొరేట్ నేరాల వల్ల సమాజానికి జరిగే మొత్తం నష్టం ఎక్కువని వాస్తవికవాదులు ఒప్పుకుంటారు. కానీ నష్టాన్ని డబ్బు మొత్తంతోనే కొలిస్తే అది ఎవరి మీద పడుతుందన్నది కనబడదు. ఒకే టీవీ రెండు ఇళ్లలో పోయిందనుకోండి. ఒక ఇంటికి బీమా ఉంది. తలుపు మరుసటి రోజే బాగవుతుంది, కొత్త టీవీ వస్తుంది. ఇంకో ఇంటికి బీమా లేదు. ఆ ఇల్లు మునిసిపాలిటీది కాబట్టి తలుపు బాగుచేయాల్సింది కౌన్సిల్. మనుషులు వచ్చేదాకా విరిగిన గొళ్లెంతోనే పడుకోవాలి. ఇల్లు మారదామంటే ఆ స్తోమత లేదు. ఎత్తుకుపోయినవాడు పక్క బ్లాకులోనే ఉంటాడని అనుమానం, కానీ పైకి అనడానికి భయం. పోయిన వస్తువు ఒకటే అయినా జరిగిన హాని ఒకటి కాదు.

ఇంకో మాట. కంపెనీల చేతిలో మోసపోయేదీ ఈ పేదలే, పర్యావరణ కాలుష్యం భరించేదీ వీళ్లే, వీధి నేరాలు ఎదుర్కొనేదీ వీళ్లే. ఒకటి ఎక్కువ కాబట్టి రెండోది లెక్కలోకి రాదనడం ఆ మనిషికి ఏ విధంగానూ మేలు చేయదు.

## ఇస్లింగ్టన్ సర్వే గురించి

ప్రభుత్వం జాతీయ నేర సర్వే చేస్తుండగా మళ్లీ స్థానిక సర్వే ఎందుకు?

జాతీయ సగటు పేదపేటను దాచేస్తుంది కాబట్టి. మొదటి బ్రిటిష్ నేర సర్వే 1982లో జరిగింది, మరుసటి ఏడాది ఫలితాలు వచ్చాయి. అందులో హోం ఆఫీస్ పరిశోధకులు చెప్పిన లెక్క ఇప్పటికీ ప్రసిద్ధం: సగటు మనిషి దారిదోపిడీకి గురయ్యేది అయిదు శతాబ్దాలకోసారి, దెబ్బ తగిలే దాడికి శతాబ్దానికోసారి, ఇంట్లో దొంగతనం నలభై ఏళ్లకోసారి. జనం అనవసరంగా భయపడకూడదన్న మంచి ఉద్దేశంతోనే అలా చెప్పారు. దాంతో భయమే అసలు సమస్య, నేరం కాదు అనే అభిప్రాయం పాకింది.

ఈ మాట లండన్ లోపలి పేటల్లో ఉండేవాళ్లకు ఎగతాళిలా వినిపించింది. మిడిల్‌సెక్స్ బృందం అందుకే ఉత్తర లండన్‌లోని ఒక్క ఇస్లింగ్టన్‌నే తీసుకుని ఇంటింటికీ వెళ్లింది. ట్రెవర్ జోన్స్, బ్రయన్ మెక్లీన్, జాక్ యంగ్ రాసిన నివేదిక 1986లో వచ్చింది.

సగటు ఎంత పెద్ద తేడా తెస్తుంది? లెక్కతో చూపిస్తారా?

కేవలం అర్థం కావడానికి ఒక ఊహా పట్టణం తీసుకుందాం. పదివేల ఇళ్లున్నాయి. నలభై ఏళ్లకోసారి చొప్పున ఏడాదికి 250 దొంగతనాలు. ఈ ఇళ్లలో వెయ్యి ఒకే పేద కాలనీలో ఉన్నాయి. 250లో 150 దొంగతనాలు అక్కడే జరుగుతున్నాయి. అంటే ఆ కాలనీలో ఇంటికి ఆరేడు ఏళ్లకోసారి దొంగ వస్తాడు. మిగిలిన తొమ్మిది వేల ఇళ్లకు వంద దొంగతనాలే, అంటే తొంభై ఏళ్లకోసారి. పట్టణం సగటు నలభై ఏళ్లే. కానీ అది ఏ ఒక్క ఇంటి అనుభవమూ కాదు.

దొంగ ఒకసారి దూరిన ఇంటికే మళ్లీ వచ్చే అలవాటును కూడా కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. కాలనీలోని కొన్ని ఇళ్లు ఏడాదిలో రెండు మూడుసార్లు పోగొట్టుకుంటాయి, పక్కవాళ్ల ఇల్లు ముట్టుకోకుండా ఉంటుంది. కాబట్టి నేరాల సంఖ్య ఎంతని అడిగి ఆగకూడదు. ఎవరి మీద, ఏ వీధిలో, ఎన్నిసార్లు అని కూడా అడగాలి.

ఇస్లింగ్టన్‌లో చివరికి ఏం తేలింది?

సర్వేకు ముందటి ఏడాది కాలంలో మూడో వంతు ఇళ్లను ఇంటి దొంగతనం, దోపిడీ, లైంగిక దాడి వంటి తీవ్రమైన నేరమేదో తాకింది. నేరానికి భయపడి చీకటి పడ్డాక బయటికి రావడం పూర్తిగా మానేశామని నాలుగో వంతు మంది చెప్పారు. సొంత ఇంట్లోనే భయంగా ఉంటుందన్నవాళ్లు 28 శాతం. ఆడవాళ్లలో సగానికి పైగా నేరభయంతో రాత్రిపూట అరుదుగానే బయటికి వెళ్తున్నారు, లేదా అసలు వెళ్లడం లేదు. దీన్ని యంగ్ ఆడవాళ్ల మీద ఎవరూ విధించకుండానే అమలవుతున్న కర్ఫ్యూగా చూశాడు.

భారం అందరి మీదా సమానంగా లేదన్నది ఇందులో కీలకం. వయసు, జాతి, ఆడ-మగ తేడా కలిసిన కొద్దీ అంకెలు విపరీతంగా మారాయి. 16 నుంచి 24 ఏళ్ల తెల్లజాతి యువతి దాడికి గురయ్యే అవకాశం 45 దాటిన తెల్లజాతి స్త్రీ కంటే 29 రెట్లు ఎక్కువ. 'ఆడవాళ్లు' అని ఒక్క గంపలో వేసి సగటు తీస్తే ఈ రెండు జీవితాలూ కనబడవు.

భయం ఎక్కువ, ప్రమాదం తక్కువ కదా? ముసలివాళ్లు అనవసరంగా భయపడతారని అన్నిచోట్లా రాస్తారే?

వాళ్లకు నేరాలు తక్కువ జరుగుతున్నాయి కాబట్టి భయం అర్థం లేనిదన్న తర్కంలో ఒక లొసుగు ఉంది. బయటికి రాకపోవడం వల్లే తక్కువ జరుగుతున్నాయేమో చూడలేదు. సాయంత్రం ఆరు తర్వాత గుమ్మం దాటని మనిషిని దారిలో ఎవరు దోచుకుంటారు? జాగ్రత్తకు చెల్లించిన ధర లెక్కలో కనబడకుండా, దాని ఫలితం మాత్రం 'ప్రమాదం తక్కువ' అనే అంకెగా కనబడుతుంది.

పైగా ఒకే తోపుడు ఇరవై ఏళ్ల కుర్రాడికి చొక్కా దులుపుకునే వ్యవహారం. డెబ్బై ఏళ్ల మనిషికి తుంటి ఎముక విరగడం. ఆడవాళ్ల విషయంలో పోలీసులకు చేరని ఇంటి హింస, వీధుల్లో రోజూ ఎదురయ్యే వేధింపు ఆ భయంలో కలిసే ఉంటాయి. అధికారిక లెక్కకు రాని ప్రమాదాన్ని వాళ్లు లెక్క వేసుకుంటున్నారు. భయం ఎప్పుడూ సరిగ్గా ప్రమాదమంతే ఉంటుందని దీనర్థం కాదు. పత్రికల ప్రభావం ఉంటుందని వాస్తవికవాదులూ ఒప్పుకుంటారు. అయితే పత్రికలు ఒట్టి నేల మీద భయాన్ని మొలిపించలేవంటారు.

సర్వేలో జనం చెప్పిందంతా నమ్మాలా?

అక్కర్లేదు. జనం మరిచిపోతారు, జరిగిన తేదీ తప్పు చెబుతారు, రెండేళ్ల కిందటి దొంగతనాన్ని నిరుటి లెక్కలో కలిపేస్తారు. ఇంట్లో కొట్టే భర్త పక్క గదిలో ఉంటే భార్య నోరు విప్పదు. ఇంటర్వ్యూ ఎవరు చేస్తున్నారు, ఎక్కడ కూర్చుని చేస్తున్నారు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. హింసకు అలవాటు పడ్డవాళ్లు చిన్న దాడిని దాడిగా చెప్పకపోవడం, చదువుకున్నవాళ్లు అదే దాన్ని చెప్పడం కూడా ఉంది. దీనివల్ల పేటల హింస తక్కువగానే నమోదయ్యే అవకాశం ఎక్కువ. పోలీసు రికార్డు కంటే సర్వే మెరుగైనదే కానీ అదే తుది సత్యం కాదు.

## కారణాల దగ్గర

పేదరికమే నేరానికి కారణమని చెబుతున్నారా?

లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసులు నమోదు చేసిన నేరాలు 1950లో దాదాపు 5 లక్షలు. 1980 నాటికి 25 లక్షలు దాటాయి. ఆ ముప్పై ఏళ్లలో జీతాలు పెరిగాయి, మంచి ఇళ్లు వచ్చాయి, సంక్షేమం పెరిగింది. పేదరికమే కారణమైతే నేరాలు తగ్గాలి. యంగ్ దీన్ని నేరకారణ సిద్ధాంతానికి వచ్చిన సంక్షోభంగా చెప్పాడు.

వాళ్ల జవాబులో ప్రధానమైనది సాపేక్ష లేమి. నాకు ఏమీ లేదన్నది లేమి. నాలాంటివాడికే ఉంది, నాకెందుకు లేదు అన్నది సాపేక్ష లేమి. బడిలో, టీవీలో అందరికీ ఒకే రకం ఆశలు పెట్టి, ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి కొందరికి తలుపు మూసేస్తే పుట్టే అన్యాయపు భావన అది. ఆ కోపాన్ని సంఘమో, పార్టీయో, ఎన్నికో మోయగలిగితే అది రాజకీయమవుతుంది. పని లేదు కాబట్టి సంఘం లేదు, సంఘం లేదు కాబట్టి గొంతు లేదు అన్నవాడికి ఆ దారి కూడా ఉండదు. అలా అంచుకు నెట్టినచోట కుర్రాళ్లు తమదైన రీతిరివాజులు కట్టుకుంటారు. వాటిలో కొన్ని పొరుగువాడి జేబు దగ్గరే ఆగుతాయి. ఎందుకంటే చేతికి అందేది ఆ జేబే. అన్యాయానికి గురైనవాడు చేసేది కూడా అన్యాయమే అవుతుందన్నది ఇక్కడి మింగుడుపడని అంశం.

'నేర చతురస్రం' అంటే ఏమిటి? ఒక ఉదాహరణతో చెప్పండి.

నేరానికి నాలుగు మూలలు: నేరం చేసినవాడు, బాధితుడు, పోలీసులతో సహా రాజ్యం, చుట్టుపక్కల జనం. ఒక్క మూల మీదే నిలబడి చూసే సిద్ధాంతం సగమే చూస్తుందంటారు.

కౌన్సిల్ ఫ్లాట్లలో ఒక దొంగతనాన్ని తీసుకుందాం. పని లేని పందొమ్మిదేళ్ల కుర్రాడు మూడో అంతస్తులో పలచటి తలుపు తన్ని రేడియో పట్టుకుపోయాడు. ఇక్కడ కుర్రాడి నిరుద్యోగం ఒక మూల. ఆ ఇంట్లో పిల్లలతో ఒంటరిగా ఉండే తల్లి పగలంతా పనికి వెళ్తుంది, గట్టి తలుపు పెట్టించుకునే డబ్బు లేదు. అది రెండో మూల. ఆమె ఫోను చేస్తే పోలీసు వచ్చి నంబరు రాసుకుని వెళ్లిపోయాడు, కౌన్సిల్ తలుపు బాగుచేయలేదు; మూడోది. పక్క ఫ్లాటు మనిషి చప్పుడు విన్నాడు, కానీ పోలీసులు తన కొడుకునే ఊరికే ఆపి సోదా చేస్తుంటారు కాబట్టి నోరు మెదపలేదు, పైగా ఆ రేడియోను తక్కువ ధరకు కొనడానికి ఆ బ్లాకులోనే ఎవరో సిద్ధంగా ఉన్నారు, నాలుగోది.

ఇప్పుడు ఒక్క కుర్రాడిని జైలుకు పంపితే మిగతా మూడు మూలలూ అలాగే ఉంటాయి. గట్టి తలుపులు పెట్టిస్తే ఈ ఒక్క దొంగతనం ఆగవచ్చు, కుర్రాడి దారి మారదు. దొంగ సొత్తు కొనేవాళ్లు లేకపోతే దొంగతనానికి గిట్టుబాటు పడిపోతుంది. ఏ మూలలో జోక్యం చేసుకున్నా మిగిలిన మూడింటి మీదా దాని ప్రభావం ఏమిటో చూడమనేదే ఈ చతురస్రం ఉపయోగం.

## పోలీసుల దగ్గర

నేరాలు నిజమైతే పోలీసులను పెంచితే సరిపోదా?

సంఖ్య కంటే ముందు సమాచారం కావాలి. నేరం జరిగిందన్న సంగతి, ఎవరు చేశారన్న ఆచూకీ చాలావరకు జనం నుంచే వస్తాయి. జనం చెప్పడం మానేస్తే పోలీసు గుడ్డివాడవుతాడు. అప్పుడు దొరికిన ప్రతివాడినీ ఆపి సోదా చేయడమే మిగులుతుంది. దాంతో నిర్దోషులు అవమానపడతారు, చెప్పేవాళ్లు మరింత తగ్గుతారు. లీ, యంగ్ దీన్ని సైనిక పోలీసింగ్ వైపు జారుడుగా వర్ణించారు.

దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్ దీనికి నిలువెత్తు ఉదాహరణ. 1981 ఏప్రిల్‌లో వీధి దోపిడీలు ఆపడానికి 'స్వాంప్ 81' పేరుతో మఫ్టీ పోలీసులను దింపారు. కొద్ది రోజుల్లోనే 943 మందిని ఆపారు; అరెస్టయింది 118 మంది. అంటే ఎనిమిది మందిని ఆపితే ఏడుగురు ఊరికే అవమానపడి ఇంటికెళ్లారు. దోపిడీల కోసం దిగిన ఆపరేషన్‌లో ఎక్కువ కేసులు దోపిడీవి కూడా కావు. ఆ వారాంతంలోనే అల్లర్లు చెలరేగాయి. విచారణ జరిపిన లార్డ్ స్కార్మన్ ఆ ఆపరేషన్ తీవ్రమైన పొరపాటని తేల్చాడు. దోపిడీకి గురైన బ్రిక్స్‌టన్ వాసికి ఇందులో దక్కింది ఏమీ లేదు.

అయితే పోలీసులే వద్దంటారా?

అనరు. ఎన్నికైన స్థానిక సంస్థలకు జవాబుదారీగా ఉండే పోలీసులు కావాలంటారు. జనం పిలిస్తే రావాలి, జనం చెప్పిన ప్రాధాన్యాల ప్రకారం పనిచేయాలి, తమంతట తాము వీధుల్లో చేసే సోదాలను తగ్గించుకోవాలి. పోలీసుల చేతిలో ఎంత తక్కువ అధికారం ఉంటే, వాళ్లకు అంత ఎక్కువ సహకారం దొరుకుతుందన్నది అంచనా. జైలు హింసాత్మక నేరాలకే మిగలాలి, మిగతావాటికి నష్టపరిహారం, సమాజ సేవ వంటివి చాలంటారు.

## అభ్యంతరాలు

ఇది మితవాదుల పాటే కదా?

రాగం కొంత కలుస్తుంది, సాహిత్యం వేరు. జేమ్స్ క్యూ. విల్సన్ వంటి మితవాద వాస్తవికవాదులు కూడా వీధి నేరం నిజమంటారు. కానీ మూలకారణాల వెంట పడటం వృథా, నియంత్రణ మీద దృష్టి పెట్టాలంటారు. సమస్యను కుటుంబంలో, క్రమశిక్షణలో వెతుకుతారు. వామపక్ష వాస్తవికవాదులకు మూలం ఆర్థిక అసమానతే, పోలీసులు కూడా సమస్యలో భాగమే. అయితే మాటలను వేరుచేసి వాడుకోవడం రాజకీయాలకు తేలిక. 1993లో టోనీ బ్లెయిర్ నేరం మీద, నేర కారణాల మీద రెండింటి మీదా కఠినంగా ఉంటామన్నాడు. మొదటి సగం చట్టాలుగా మారినంత వేగంగా రెండో సగం మారలేదని నా అభిప్రాయం.

నల్లజాతి యువకుల గురించి వీళ్లు చెప్పిందానికి ఎందుకంత గొడవ?

కొన్ని వీధి నేరాల్లో నల్లజాతి యువకుల వాటా ఎక్కువగా కనబడటానికి పోలీసుల జాతి వివక్ష ఒక్కటే కారణం కాదని, అందులో కొంత నిజమైన పెరుగుదల కూడా ఉందని లీ, యంగ్ 1984 పుస్తకంలో రాశారు. వివక్షే మొత్తం కారణమైతే అంతే వివక్షకు గురైన మొదటి తరం వలసవాసుల అంకెలు కూడా ఎక్కువ ఉండాలి కదా, అవి తక్కువే ఉన్నాయే అన్నది వాళ్ల తర్కం. తల్లిదండ్రులు తమ జీవితాన్ని విడిచివచ్చిన దేశంతో పోల్చుకున్నారు. పిల్లలు అదే బడిలోని తెల్లపిల్లలతో పోల్చుకున్నారు.

ఆ తర్కంలో బలముంది. కానీ దానికి ఆధారం చేసుకున్న అంకెల్లో చాలా భాగం, ఎవరిని ఆపాలో ఎవరిని వదలాలో నిర్ణయించే పోలీసులే తయారుచేసినవి. ఈ వాదన జాతివివక్ష మూసలకు పరువు తెచ్చిపెడుతోందని పాల్ గిల్రాయ్ తీవ్రంగా విమర్శించాడు. పోలీసు లెక్కల్ని అనుమానించమని ఇస్లింగ్టన్‌లో నేర్పినవాళ్లు ఇక్కడ ఆ అనుమానాన్ని సడలించారన్నది నాకు సమంజసమైన అభ్యంతరంగానే తోస్తుంది.

వీధి మీదే చూపు పెట్టి కార్పొరేట్ నేరాన్ని వదిలేశారన్న విమర్శ నిజమేనా?

మొదట్లో చాలావరకు నిజమే. బాధితులను సర్వే చేసే పద్ధతికే అది సహజమైన లోపం: తనను ఎవరు మోసం చేశారో తెలియని మనిషి, మోసపోయానని చెప్పలేడు. ఫ్రాంక్ పియర్స్, స్టీవ్ టోంబ్స్ ఈ లోటును ఎత్తిచూపారు. 1990లో వెలువడిన రెండో ఇస్లింగ్టన్ అధ్యయనంలో పియర్స్ సరుకులు కొనేటప్పుడు జరిగే మోసాలను, పనిచేసే చోట ప్రమాదాలను కూడా అడిగాడు. వాటిని జనం అనుభవించినట్టు తేలింది. సరిగా అడిగితే చెప్పగలరని కూడా తేలింది.

1995 తర్వాత నేరాలు బాగా తగ్గాయి కదా, ఈ వాదం చెల్లిపోయినట్టేనా?

గట్టి దెబ్బ తగిలిన చోటు ఇదే. బ్రిటిష్ నేర సర్వే ప్రకారం నేరాలు 1995లో శిఖరానికి చేరి, ఆ తర్వాత పడిపోయాయి. అసమానత మాత్రం పడిపోలేదు. సాపేక్ష లేమి సిద్ధాంతం ప్రకారం ఇలా జరగకూడదు. కార్ల దొంగతనాల తగ్గుదలకు తాళం చెవి లేకుండా ఇంజను కదలనివ్వని పరికరాలు పెద్ద కారణం. 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ అవి తప్పనిసరి అయ్యాయి. కుర్రాడి కోపం తగ్గలేదు, అవకాశం తగ్గింది. చతురస్రంలో అవకాశానికీ చోటుంది. కానీ వీళ్లు దానికి కారణమంత ప్రాముఖ్యం ఇవ్వలేదు.

తగ్గుదల అందరికీ సమానంగా పంపిణీ అయిందా అని అడిగితే మాత్రం మళ్లీ ఇస్లింగ్టన్ పద్ధతే కావాలి. దేశం సగటు పడిపోయినా ఒక కాలనీ రేటు అలాగే ఉండవచ్చు. ఖరీదైన తాళాలు, అలారాలు కొనగలిగినవాళ్ల ఇళ్లు ముందు భద్రమవుతాయి. వాటిని కొనలేనివాళ్లు పాత తలుపుల వెనకే ఉండిపోతే, ఇంకా మిగిలిన నేరాల్లో వాళ్ల మీద పడే వాటా పెరుగుతుంది. అది జాతీయ అంకెలో కనబడదు, పేటవారీ సర్వేలోనే తెలుస్తుంది.